పుస్తకం మూసి ఫార్ములా షీట్ రాద్దామంటే సగం కూడా రావట్లేదు

రాజోలు
పొద్దున ఎనిమిదింటి నుంచి ఇదే పని. పుస్తకం చూడకుండా ఫార్ములాలన్నీ ఒక్క పేజీలో రాయమన్నారు మా సార్. ఇప్పటికి నాలుగు కాగితాలు చింపేశాను. ఒకసారి రాసింది ఇంకోసారికి మారిపోతోంది. చూసి రాసుకుంటే అరగంటలో అయిపోయేది కదా, ఎందుకీ అవస్థ? టెన్షన్‌గా ఉంది, ఎవరైనా చెప్పండి ప్లీజ్.

ముమ్మిడివరం
ఫార్ములాల కాగితం పరీక్ష హాల్లోకి తీసుకెళ్లనివ్వరమ్మా. అనవసరంగా ఇబ్బందుల్లో పడతావు.

రాజోలు
హాల్లోకి కాదండీ, చదువుకోవడానికి.

పాలకొల్లు
ఏ చాప్టరు? మారిపోతున్నది ఏది? అది చెప్పకపోతే ఎలా.

రాజోలు
సారీ అండీ. ఇంటర్ సెకండియర్ ఫిజిక్స్, రే ఆప్టిక్స్. లెన్స్ ఫార్ములాలో ఒకసారి ప్లస్ వస్తోంది, ఒకసారి మైనస్.

భీమవరం
ఇదంతా ఎందుకమ్మా, చూసి పదిసార్లు రాయి, అదే వస్తుంది. మా అబ్బాయి రాత్రి అలాగే రాసుకుని మర్నాడు టెస్టులో అన్నీ కరెక్టుగా పెట్టాడు.

అమలాపురం
మర్నాటికి రావడం నిజమే అండీ. చిక్కు ఆ తర్వాతే. రోడిగర్, కార్పికే అనే ఇద్దరు 2006లో ఈ విషయమే పరీక్షించి చూశారు. చదివిన 5 నిమిషాలకే అడిగితే, మళ్లీ మళ్లీ చదివినవాళ్లకు ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత అడిగితే, చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్లు ముందున్నారు. వాళ్లు వాడినవి చిన్న వచన పాఠాలు, ఫార్ములాలు కాదు. కానీ నా క్లాసులోనూ ఇదే చూస్తున్నాను.

అమ్మాయ్, ఆ కాగితాలు చింపొద్దు. నీకు ఏది రాదో చూపించేది అదే. పదిహేను నిమిషాలు పెట్టుకుని రాయి. రానిచోట ఖాళీ వదిలెయ్యి, అనుమానం ఉన్నచోట ప్రశ్న గుర్తు పెట్టు. పుస్తకం తెరిచే ముందు ఆ అనుమానాన్ని అంకెలు వేసి తేల్చు.

నాభ్యంతరం 20 సెం.మీ. ఉన్న కుంభాకార కటకం ముందు 40 సెం.మీ. దూరంలో కొవ్వొత్తి ఉందనుకో. u = −40. నువ్వు రాసే రెండూ వేసి చూద్దాం:

```
1/v − 1/u = 1/f   →  v = 40
1/v + 1/u = 1/f   →  v = 13.3
```

ఎక్కడో దూరంగా ఉన్న వస్తువు ప్రతిబింబమే 20 దగ్గర పడుతుంది. వస్తువు దగ్గరికొచ్చేకొద్దీ ప్రతిబింబం ఇంకా వెనక్కి జరగాలి. అది 13 దగ్గర పడే అవకాశమే లేదు, కాబట్టి ప్లస్ తప్పు. ఒక జాగ్రత్త: వస్తువు చాలా దూరంలో ఉందనుకుని సరిచూస్తే ఈ తప్పు దొరకదు. అప్పుడు 1/u సున్నా అయిపోయి రెండూ ఒకే జవాబిస్తాయి.

ఇంట్లో భూతద్దం ఉంటే కిటికీకి ఎదురుగోడ మీద పెరట్లో కొబ్బరిచెట్టు తలకిందులుగా పడేలా పట్టుకో. గోడకీ అద్దానికీ మధ్య దూరం కొలిస్తే అదే దాదాపు f. దానికి రెట్టింపు దూరంలో కొవ్వొత్తి పెట్టి మళ్లీ చూడు.

ఇవన్నీ అయ్యాకే పుస్తకం తెరిచి ఎర్ర పెన్నుతో దిద్దు. రెండు రోజులాగి మళ్లీ తెల్లకాగితం తీసుకో. మూడోసారికి తడుముకోకుండా వచ్చేవాటిని షీట్‌లోంచి తీసెయ్యొచ్చు. ఎర్రగా మిగిలినవే నీ అసలు పేజీ.

పాత ట్యూషన్ మాస్టారు
ముందుగా ఫార్ములా అనడం మానండి, సూత్రం అనే చక్కటి మాట మనకుంది. ఇక ప్లస్ విషయం. మేము చదివిన రోజుల్లో నిజ ప్రతిబింబ దూరాలన్నీ ధనమని తీసుకునేవాళ్లం. ఆ పద్ధతిలో కటకానికైనా దర్పణానికైనా 1/u + 1/v = 1/f ఒక్కటే. అది తప్పు కాదు. ఎంత హాయిగా ఉండేదో!

పాలకొల్లు
సూత్రం అంటే ప్రిన్సిపుల్ కూడా అవుతుంది. ఇది సమీకరణం.

అమలాపురం
మాస్టారూ, మీ పద్ధతి సరైనదే. కాకపోతే ఇప్పటి పుస్తకంలో కాంతి వెళ్లే దిక్కు ధనం. మీ ప్లస్ పక్కన ఈ −40 వేస్తే 13.3 వచ్చేస్తుంది. అమ్మాయ్, నువ్వు ఇంకేదైనా నోట్సు చూశావా?

రాజోలు
మా నాన్నగారి పాత నోట్సు కూడా చదివానండీ! అందులో అన్నీ ప్లస్సులే. అది చెప్పాలని తట్టలేదు.

భీమవరం
ఏమైనా చేత్తో రాయడం మాత్రం మానొద్దు.

రాజోలు
కొవ్వొత్తి పెట్టి చూశాను. చెట్టు 21 దగ్గర పడింది, కొవ్వొత్తి 43 దగ్గర. థాంక్స్ అండీ. మరి మాగ్నిఫికేషన్‌లో మైనస్ దేనికి వస్తుంది?

పాలకొల్లు
లెన్స్‌కి v/u, దర్పణానికి −v/u. ఎందుకో బొమ్మ గీసి చూడు.