ఒకే ఫోన్, రెండు హ్యాష్ విలువలు: సాక్ష్యం చెల్లుతుందా?

నవీన: స్వాధీనం చేసుకున్న ఒక ఫోన్ నుంచి ల్యాబ్‌లో పది రోజుల తేడాతో రెండుసార్లు డేటా తీశారు. డేటా నుంచి లెక్కగట్టే, దాని వేలిముద్ర లాంటి హ్యాష్ విలువ (ఎస్‌హెచ్‌ఏ-256) రెండు ప్రతులకూ కలవలేదు. ఎవరో మార్చారనే కదా అర్థం?

రంగారావు: సందేహమే లేదు. ఒక్క బిట్ మారినా విలువ మొత్తం మారిపోతుంది. ఆ సాక్ష్యాన్ని పక్కన పెట్టాల్సిందే.

శేషగిరి: రంగారావు గారు చెప్పిన సూత్రం హార్డ్ డిస్కుకు కుదురుతుంది. డిస్కును కంప్యూటర్ నుంచి విప్పి, దానిపై ఏమీ రాయనివ్వని రైట్ బ్లాకర్ పరికరం ద్వారా చదివితే, అది చెడిపోనంతవరకు ఎన్నిసార్లు ప్రతి తీసినా అదే విలువ రావాలి. ఇప్పటి ఫోన్లలో డేటా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది కాబట్టి, సాధారణంగా ఫోన్‌ను ఆన్ చేసి, లాక్ తీసి, అది నడుస్తుండగానే డేటా తీస్తారు. నడుస్తున్నంతసేపూ లాగ్‌లు పెరుగుతూ, తాత్కాలిక ఫైళ్లు మారుతూనే ఉంటాయి. అందుచేత వివాదంలో ఉన్న ఫైళ్ల విలువలను విడివిడిగా పోల్చండి. ఫొటోకు రెండు ప్రతుల్లోనూ ఒకే విలువ వస్తే, ఆ రెండింటి మధ్య అది మారలేదు. సందేశాల డేటాబేస్ సంగతి వేరు: కొత్త సందేశాలు తరచుగా ముందు పక్కనున్న `-wal` ఫైలులో చేరి, ఆ తర్వాత ప్రధాన ఫైలులో కలుస్తాయి. కనుక అక్కడ ఫైలు విలువ కలవకపోయినా ఆశ్చర్యం లేదు. ఒక్కొక్క సందేశాన్నీ, దాని సమయాన్నీ పోల్చి చూడాలి.

మాధవి: నా కంప్యూటర్‌ను తీసుకెళ్లినప్పుడు సీలు నా ఎదుట వేయలేదు, ఏ విలువా రాసివ్వలేదు. వారాల తర్వాత ల్యాబ్‌లో విలువ తీసి, ఏమీ మారలేదన్నారు. ఎప్పటితో పోలిస్తే మారలేదు?

రంగారావు: శేషగిరి గారూ, మీరు ప్రతి లోపానికీ ఒక సాంకేతిక కారణం వెతికి పెడుతున్నారు. అవతల ఒక మనిషి జైలుకు వెళ్లవచ్చు!

శేషగిరి: నేను ఎవరినీ వెనకేసుకు రావడం లేదు. తప్పు కారణంతో వాదిస్తే ఎదుటివారి నిపుణుడు రెండు నిమిషాల్లో కొట్టిపారేస్తాడు, అసలు లోపం చర్చకే రాదు. మాధవి గారు అడిగినదే అసలు ప్రశ్న. హ్యాష్ అది తీసిన క్షణం నుంచి మాత్రమే కాపలా కాస్తుంది, అంతకు ముందు జరిగినదాన్ని చెప్పలేదు.

రంగారావు: అయితే ఆ ముందు కాలానికి లెక్క చెప్పవలసింది స్వాధీనం చేసుకున్నవారే. లెక్క లేకపోతే సాక్ష్యమే వద్దంటాను.

శేషగిరి: అక్కడ మీతో ఏకీభవించలేను. లెక్క లేకపోతే విలువ తగ్గుతుంది. మొత్తం కొట్టివేయాలా అన్నది మిగతా ఆధారాలను బట్టి ఉంటుంది. అదే ఫొటో పంపినవారి ఫోన్‌లోనూ అదే విలువతో దొరికితే దాన్నెలా తోసిపుచ్చుతారు?

నవీన: పోల్చి చూశాము. ఫొటోల విలువలు కలిశాయి. అయితే స్వాధీనం తర్వాత, ల్యాబ్‌కు చేరకముందు ఫోన్ అన్‌లాక్ అయినట్టు లాగ్‌లో ఒక నమోదు ఉంది.

శేషగిరి: ముందు ఫోన్ గడియారం సరిగా ఉందో లేదో చూడండి. సరిగానే ఉంటే, ఆ గంటలో ఫోన్ ఎవరి దగ్గర ఉందో అప్పగింత పత్రాల్లోని సంతకాలతో సరిపోల్చండి. అది నెట్‌వర్క్‌కు కలిసిందా అన్నదీ చూడాలి. సిగ్నల్ అందనివ్వని ఫరడే సంచిలో ఉంచకపోతే బయటి నుంచి సందేశాలు వచ్చి ఉండవచ్చు, దూరం నుంచి డేటా చెరిపి ఉండనూ వచ్చు.

రంగారావు: సంతకం లేకపోతే నా మాట మీద నేను నిలబడతాను.