నిర్మాతకు పంపిన కథ మెయిల్‌కి జవాబు లేదు, మళ్లీ ఎలా రాయాలి?

నమస్కారం అండీ. మూడు వారాల క్రితం హైదరాబాద్‌లోని ఒక నిర్మాణ సంస్థకి నా స్క్రిప్ట్ గురించి మెయిల్ పెట్టాను. సబ్జెక్ట్‌లో "చివరి రేవు: థ్రిల్లర్, 110 పేజీలు" అని రాశాను. లోపల కథ ఇంతే:

"వంతెన ప్రారంభానికి ముందు రాత్రి గోదావరికి వరద. ఆ వంతెనతో బతుకుతెరువు పోతున్న పడవవాడే, దాన్ని కట్టిన కాంట్రాక్టర్ కూతుర్ని లంక నుంచి ఒడ్డుకు చేర్చాలి."

ముగింపు చెప్పలేదు. అడగకుండా పంపిన స్క్రిప్టులు చాలామంది తెరవరని విని, అటాచ్ కూడా చేయలేదు. రచయితల సంఘంలో రిజిస్టర్ చేయించాను కాబట్టి కథ ఎవరైనా కాపీ కొడతారన్న టెన్షన్ లేదు.

ఇప్పుడు పాత మెయిల్‌కే రిప్లైగా ఇది పంపాలనుకుంటున్నాను:

"నమస్కారం సర్. 'చివరి రేవు' గురించి ఈ నెల మొదట్లో రాశాను. వీలుంటే రెండు పేజీల సినాప్సిస్ పంపుతాను. ఇప్పుడు ఇలాంటి కథ వద్దనుకుంటే ఒక్క మాట చెప్పినా చాలు."

ఆ చివరి వాక్యం దగ్గరే ఆగిపోయాను. మర్యాదగా ఉందా, లేక వద్దనడానికి నేనే దారి చూపిస్తున్నానా? పైగా ఆ రెండు లైన్ల కథలో పడవవాడు ఎందుకు ఒప్పుకున్నాడో లేదు. అది చేర్చాలా? ఇలా పంపి పిలుపు అందుకున్నవాళ్లు చెప్పండి.