ఉగాదికల్లా లైబ్రరీ పెంచాలి: 5,000 డాలర్లు ఎలా సర్దుదాం?

పద్మజ: డాలస్ కమ్యూనిటీ హాల్లో మన గది ఉగాది రోజు కొత్త పుస్తకాలతో తెరవాలి. 400 పుస్తకాలు, సగటున 250 రూపాయలు. అంటే లక్ష, సుమారు 1,150 డాలర్లు. మిగతాది బీరువాలకి, డిజిటల్‌కి, పిల్లల చదువు గంటకి. సరేనా?

రమణమూర్తి: రవాణా మర్చిపోయావమ్మా. పుస్తకం 300 గ్రాములనుకున్నా 120 కేజీలు, పెట్టెలతో కలిపి 130. విమానంలో కేజీకి 9 డాలర్లు అడిగారు. 1,170. పుస్తకాల ధరంత కిరాయి! ఓడలో చవకే గానీ ఉగాదికి అందడం అనుమానం.

కిరణ్: అసలు కొనడం ఎందుకు? లిబ్బీ యాప్‌లో తెలుగు పుస్తకాలు ఫ్రీ కదా.

రమణమూర్తి: ఫ్రీ అనేది మీ ఊరి పబ్లిక్ లైబ్రరీ కార్డు ఉన్నవాళ్లకి బాబూ. ఆ పుస్తకాలు మన సంఘం ఇంకొకరికి అప్పివ్వలేదు. పైగా తెలుగు చాలా తక్కువ. అందుకే డిజిటల్ పద్దు ప్రస్తుతానికి సున్నా వేద్దాం. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్న పాత పుస్తకాల లింకులు ఒక కాగితం మీద వేసి గోడకంటిస్తే చాలు.

సుజాత: మా గ్యారేజీలో నాలుగు డబ్బాల పాత వారపత్రికలున్నాయి. మావారు పారేయనివ్వరు. తెచ్చేయనా?

పద్మజ: అక్కా, ముందు ఫోటో పెట్టండి. చెమ్మ వాసన ఉంటే మాత్రం వద్దు, కొత్త పుస్తకాలకీ బూజు పాకుతుంది.

రమణమూర్తి: బీరువాల లెక్క: పుస్తకం మందం సగటున 1.8 సెంటీమీటర్లు, 400కి 7 మీటర్ల పైచిలుకు. 80 సెంటీమీటర్ల అరలో 60 మాత్రమే నింపితే 12 అరలు, ఆరేసి అరలవి రెండు బీరువాలు. 250లో అయిపోతాయి. గోడకి బిగించడం తప్పనిసరి, పిల్లలు అరలెక్కుతారు. అసలు ఖర్చు పుస్తకాల జాబితా కంప్యూటర్లో ఎక్కించే పనిగంటలది. మన తెలుగు పుస్తకాలు చాలావాటికి ఐఎస్‌బీఎన్ నంబరు ఉండదు, స్కాన్ చేస్తే ఏమీ రాదు. చేత్తో టైపు చెయ్యాలి, అదీ తెలుగు లిపిలోనే. ఇంగ్లీషులో ఒకరు చలం అని, ఇంకొకరు చెలం అని కొడితే వెతికినప్పుడు సగమే దొరుకుతాయి. పుస్తకానికి పావుగంట, మొత్తం 100 గంటలు.

కిరణ్: ఎమ్మెస్ చేసే పిల్లలకి గంటకి 18 ఇద్దాం. 1,800.

పద్మజ: ఎఫ్-1 వాళ్లకి అనుమతి లేకుండా క్యాంపస్ బయట జీతం ఇస్తే వాళ్ల వీసాకే ముప్పు. ఈఏడీ వర్క్ పర్మిట్ లేని హెచ్-4 వాళ్లకీ అంతే. పర్మిట్ ఉన్నవాళ్లు కావాలి, లేదా మనమే శనివారాలు కూర్చోవాలి.

రమణమూర్తి: 1,800 అలాగే ఉంచితే మొత్తం 4,370. మిగిలిన 630 పిల్లల గంటకి. మనమే కూర్చుంటే ఆ డబ్బుతో ఒక్కో కథ పుస్తకం ఆరేసి కాపీలు తేవచ్చు. ఒక్క కాపీతో ఇరవైమంది పిల్లలు చదవలేరు కదా.

సుజాత: ఉగాది రోజు పులిహోర ఎవరు తెస్తున్నారు?

పద్మజ: అది వేరే గ్రూపులో, అక్కా. శనివారాలు రాగలిగేవాళ్లు పేర్లు ఇక్కడ రాయండి. ఆరుగురికి తగ్గితే 1,800 కదపలేం.