క్లోన్ చేసిన గొంతుతో ప్రకటన: ఆ సంగతి మొదట్లో చెప్పాలా, చివర్లోనా?

మాధురి (ప్రశ్న): ఒక పరుపుల కంపెనీకి 30 సెకన్ల ఆడియో ప్రకటన రాస్తున్నాను. వాయిస్ ఆర్టిస్ట్ అనుమతితోనే ఆమె గొంతు క్లోన్ చేశాం. "ఇది కృత్రిమ గొంతు" అని మొదట్లోనే చెబితే జనం వినడం మానేస్తారని క్లయింట్ టెన్షన్. చివర్లో చెబితే సరిపోదా?

వేణు: చివర్లో కూడా అక్కర్లేదండీ. ఆర్టిస్ట్ ఒప్పుకున్నారు కదా, ఇక ఇబ్బంది ఎవరికి? మరీ కావాలంటే ప్రకటన కింద వివరణలో ఒక లైను పెట్టండి.

సరళ: వేణు గారూ, అనుమతి తప్పనిసరి, అది నిజమే. కానీ అది ఆర్టిస్టుకూ కంపెనీకీ మధ్య విషయం. వినేవాళ్లకు ఆ కాగితం సంగతి తెలియదు. పైగా ఫోను జేబులో పెట్టుకుని ఇయర్‌ఫోన్లో వినేవాళ్లు కింద రాసిన లైను చూడరు. చెవికి చేరే ప్రకటనలో ఆ మాట కూడా చెవికే చేరాలి. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 ఎండార్స్‌మెంట్ గైడ్‌లలో ఈ విషయం స్పష్టంగా ఉంది: నోటితో చెప్పే వెల్లడి మామూలు శ్రోతకు సులువుగా వినపడి అర్థమయ్యే ధ్వనిలో, వేగంలో ఉండాలి. చివరి రెండు సెకన్లలో గబగబా చదివేస్తే కుదరదు.

ఇక మొదట్లోనా, చివర్లోనా అంటే, యూరోపియన్ యూనియన్ ఏఐ చట్టం 50వ అధికరణం డీప్‌ఫేక్ ఆడియో విషయంలో మొదటిసారి వినే సమయానికల్లా చెప్పాలంటుంది. అందుకే నేను మొదటి వాక్యంలోనే పెడతాను.

రాజ్యం: నాకు జరిగింది చెబుతాను. ఒక్క ప్రకటనకని నా గొంతు ఇచ్చాను. ఏడాది తిరిగేసరికి మరో వస్తువు ప్రకటనలో నా గొంతే వినిపించింది. ముందు ఇలాంటివి ఆపండి, మొదలా చివరా అన్నది తర్వాత.

సరళ: రాజ్యం గారూ, మీకు జరిగింది అన్యాయమే. దానికి ఒప్పందంలోనే ఏ ప్రకటనకు, ఎన్నాళ్లు, గడువు తీరాక ఆ క్లోన్‌ను ఏం చేయాలి అన్నది రాయించుకోవాలి. మాధురి గారి ప్రశ్న వేరు. మాధురి గారూ, స్క్రిప్టు మొదటి నాలుగు లైన్లు పెట్టండి.

మాధురి: ఇవిగో: "ఈ ప్రకటన కృత్రిమ మేధ ద్వారా రూపొందించబడిన స్వరంతో ప్రసారం చేయబడుతోంది. నేను 3 నెలలుగా ఈ పరుపు మీదే పడుకుంటున్నాను. నా నడుము నొప్పి పోయింది. 30 రాత్రులు వాడి చూడండి, నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయండి."

సరళ: మొదటి లైను కన్నా రెండో లైనే పెద్ద చిక్కు. క్లోన్ ఏ పరుపు మీదా పడుకోలేదు. ఆర్టిస్ట్ కూడా వాడకపోతే అది అబద్ధపు అనుభవమే, ముందు ఏం చెప్పినా ఆ తప్పు పోదు. అమెరికాలో 2024లో వచ్చిన నకిలీ సమీక్షల నిబంధన ఇలాంటి కట్టుకథ అనుభవాలనే నిషేధించింది. కాబట్టి "నేను", "నా" తీసేసి, కంపెనీ చెప్పగలిగినదే చెప్పించండి. నడుము నొప్పి పోతుందనడానికి ఆధారం లేకపోతే అదీ తీసేయండి.

ఇక మొదటి లైను. "రూపొందించబడిన", "చేయబడుతోంది" అంటూ నోటితో ఎవరూ మాట్లాడరు. అందుకే అది హెచ్చరికలా వినిపిస్తోంది, గొంతు వల్ల కాదు. రాతను గొంతుగా మార్చే టూల్‌కు ఇలా రాసి ఇవ్వండి, break అన్నది విరామం:

```
<speak>
ఇది కంప్యూటర్ తయారుచేసిన గొంతు.
<break time="300ms"/>
పరుపు గురించి మాత్రం నిజాలే చెబుతుంది.
ముప్పై రాత్రులు పడుకుని చూడండి.
నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయండి.
</speak>
```

అంకెలను అక్షరాల్లో రాశాను. లేకపోతే కొన్ని టూల్స్ వాటిని ఇంగ్లీషులో చదివేస్తాయి. విరామం ఎక్కువైతే మొదటి వాక్యం అతికించినట్టు ఉంటుంది. 300 మిల్లీసెకన్ల దగ్గర మొదలుపెట్టి విని చూసి సర్దుకోండి.

కిరణ్ (సౌండ్): "నిజాలే చెబుతుంది" అన్న లైను నాకు నచ్చలేదు. నిజం చెబుతున్నానని నొక్కి చెప్పే ప్రకటన మీదే అనుమానం ఎక్కువ. ఇంకో మాట: వెల్లడి వాక్యాన్ని అదే క్లోన్‌తో చెప్పిస్తే, అంత సహజంగా పలికాక మనిషే కంప్యూటర్‌నని నటిస్తున్నట్టుంది. ఆ ఒక్క వాక్యానికి వేరే గొంతు పెట్టాలి.

సరళ: మొదటిది ఒప్పుకుంటాను, ఆ లైను తీసేయండి మాధురి గారూ. రెండోది మాత్రం కాదు. గొంతు మారితే ఏ గొంతు కృత్రిమమో శ్రోతకు తెలియదు. తన గురించి ఆ గొంతే చెప్పుకోవాలి.

కిరణ్: "ఇప్పుడు మీరు వినబోయే గొంతు" అని మొదలుపెడితే ఆ తికమక ఉండదు.

మాధురి: రెండూ రికార్డు చేశాను. కిరణ్ గారిది రెండు సెకన్లు ఎక్కువ పడుతోంది, కానీ ఆఫీసులో విన్నవాళ్లకు వెంటనే అర్థమైంది. సరళ గారిది విన్న ఇద్దరు "కంప్యూటర్" అన్న మాటే గుర్తులేదన్నారు. వెనక మ్యూజిక్ ఆ చోట గట్టిగా ఉంది, దాన్ని తగ్గించి మళ్లీ వినిపిస్తాను. "నేను" లైన్లు తీసేయడానికి క్లయింట్ ఒప్పుకున్నారు. చివర్లోనే చెబుదామన్న పట్టు మాత్రం ఇంకా వదల్లేదు.