గరిష్ఠ ధర విధించినప్పుడు వినియోగదారుని మిగులును పటంలో ఎలా చూపాలి?

డిమాండ్ రేఖ P = 60 − 2Q, సప్లయి రేఖ P = 12 + Q గా ఉన్న పుచ్చకాయల మార్కెట్‌ను తీసుకుని లెక్క చేస్తున్నాను. ధర రూపాయల్లో, పరిమాణం కాయల్లో. ఒక్కొక్కరు ఒక్క కాయే కొంటారు. సమతౌల్యంలో 28 రూపాయలకు 16 కాయలు అమ్ముడవుతాయి. డిమాండ్ రేఖకు కింద, ధర గీతకు పైన ఉన్న త్రిభుజం వినియోగదారుని మిగులు, అంటే 256 రూపాయలు. ధర గీతకు కింద, సప్లయి రేఖకు పైన ఉన్నది ఉత్పత్తిదారుని మిగులు, 128 రూపాయలు. ఇంతవరకు సందేహం లేదు.

ప్రభుత్వం 22 రూపాయల గరిష్ఠ ధర విధిస్తే మార్కెట్‌కు 10 కాయలే వస్తాయి, కొనగోరేవారు మాత్రం 19 మంది ఉంటారు. ఉత్పత్తిదారుని మిగులు 50కి పడిపోతుంది. పాఠ్యపుస్తక పద్ధతిలో పటం గీస్తే వినియోగదారుని మిగులు 280కి పెరిగి, మొత్తం నష్టం 54 రూపాయలుగా తేలుతుంది. అయితే ఆ 10 కాయలు అత్యధిక ధర చెల్లించడానికి సిద్ధపడినవారికే దక్కుతాయన్న ఊహ ఇందులో దాగి ఉంది. 19 మందిలో ఎవరికి దక్కుతుందో లాటరీ తీసినట్లయితే, ఒక్కో కాయపై సగటు మిగులు 19 రూపాయలు కనుక మొత్తం 190 మాత్రమే అవుతుంది. అంటే ధర తగ్గినా వినియోగదారులు మొత్తం మీద నష్టపోతారు.

ఈ తర్కం సరైనదేనా? సరైనదైతే, ఆ 190ని అదే పటంలో ఒక వైశాల్యంగా చూపే పద్ధతి ఏదైనా ఉన్నదా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.