అందరి ముందు బాస్ అరిస్తే నోరు పెగలడం లేదు, మీరైతే ఏం చేస్తారు?

మొన్న మీటింగ్‌లో ఎనిమిది మంది ఉన్నారు. రిపోర్టులో ఒక కాలమ్ పాత నెలది పెట్టేశాను. తప్పు నాదే, కాదనను. కానీ మా బాస్ "ఇది కూడా చూసుకోలేవా?" అని గట్టిగా అరిచేసరికి చెవులు వేడెక్కి, గుండె దడదడలాడింది. చేతిలో పెన్ను వణుకుతోందని దాన్ని టేబుల్ కిందకి దించేశాను. "సారీ సర్, అదీ... నేను..." అంటూ ఏదో నసిగాను. దాంతో ఆయన ఇంకా రెచ్చిపోయారు.

అలాంటప్పుడు ఊపిరి నెమ్మదిగా, పీల్చినదానికంటే ఎక్కువసేపు వదలమని ఒక ఫ్రెండ్ చెప్పింది. ఇంట్లో చేస్తే దడ తగ్గుతోంది. అక్కడ మాత్రం ఆ సంగతే గుర్తుకు రాదు. సంజాయిషీ మొదలుపెట్టకుండా "సరిచేసి నాలుగింటికల్లా పంపిస్తాను" అని ఒక్క మాటతో ఆపేద్దామనుకుంటున్నాను. అది పొగరులా వినిపిస్తుందా?

అసలు బాధ తర్వాతే. ఆ రోజు బాత్రూంలో ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చాను. రాత్రి పదకొండింటికి ఆయనకి పెద్ద మెయిల్ రాసి, పంపకుండా డ్రాఫ్ట్‌లో వదిలేశాను (పొద్దున చదివితే నాకే సిగ్గేసింది). పడుకుంటే అదే సీను మళ్ళీ మళ్ళీ తిరుగుతోంది.

ఒకటి రెండు రోజులాగి, ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు "తప్పుంటే చెప్పండి సర్, కానీ అందరి ముందు అరిస్తే నాకు బుర్ర పనిచేయడం లేదు" అని అడగొచ్చా? అలా అడిగినవాళ్ళుంటే, ఏ మాటతో మొదలుపెట్టారో చెప్పండి.