‘ఎవరు ఇచ్చిన గొలుసు’ అని తెలుగులో హాయిగా అడుగుతాం కదా, మరి ఐలాండ్ నియమం ఏమైనట్టు?

కొత్త పలక: అందరికీ నమస్కారం. భాషాశాస్త్రంలో ఎంఏ మొదటి సంవత్సరం. శుక్రవారానికి ఒక అసైన్‌మెంట్ ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది. ‘విశేషణ వాక్యం లోపల ఉన్నదాన్ని ప్రశ్నించడం ఏ భాషలోనూ కుదరదు, మీ మాతృభాషతో చూపండి’ అన్నారు. ఇదే ఐలాండ్ నియమం. విశేషణ వాక్యం అంటే ‘అమ్మమ్మ ఇచ్చిన గొలుసు’లో ‘అమ్మమ్మ ఇచ్చిన’ లాంటిది. ఇంగ్లీషులో సరే. ‘హీ లాస్ట్ ద చైన్ దట్ గ్రాండ్‌మా గేవ్ టు సీత’ అనే వాక్యంలో సీతను ప్రశ్నగా మార్చాలంటే ‘హూ డిడ్ హీ లూజ్ ద చైన్ దట్ గ్రాండ్‌మా గేవ్ టు?’ అనాలి. అది వాక్యమే కాదు. కానీ తెలుగులో ‘అమ్మమ్మ ఎవరికి ఇచ్చిన గొలుసు తమ్ముడు పోగొట్టాడు?’ అంటే ఏం తప్పుంది? మా ఇంట్లో ఎవరైనా అంటారు. అయితే నియమం తప్పా, లేక నేను పొరబడుతున్నానా?

స్పోకెన్ సార్: ఇది నేను రోజూ చూసే సమస్యేనమ్మా. మన పిల్లలు ‘డు యూ నో వేర్ ఈజ్ హీ’ అంటారు. ‘వేర్ హీ ఈజ్’ అనాలి. ప్రశ్న లోపల ఇంకో ప్రశ్న వస్తే సహాయక క్రియను ముందుకు తేకూడదు. అది దిద్దుకుంటే చాలు.

కొత్త పలక: సార్, ధన్యవాదాలు. కానీ నేను అడిగింది అది కాదండీ. సహాయక క్రియ స్థానం కాదు, ప్రశ్న పదం ఎంత లోపలి నుంచి బయటికి రాగలదు అన్నది.

తెలుగు మాస్టారు: ఇందులో చిక్కేమీ లేదు. తెలుగులో పదక్రమం స్వేచ్ఛ. ‘రాముడు సీతను చూశాడు’, ‘సీతను రాముడు చూశాడు’, ‘చూశాడు రాముడు సీతను’, ఏదైనా చెల్లుతుంది. ఇంగ్లీషు వాళ్ళకు మాటలు కదపడం రాదు కాబట్టి నియమాలు పెట్టుకున్నారు. మనకు అవి వర్తించవు. అదే రాసెయ్యమ్మా.

పాత కాగితం: మాస్టారూ, మీరన్న స్వేచ్ఛ నిజమే. దానికి ఎల్లలు ఎక్కడున్నాయో చూస్తే అమ్మాయి అసైన్‌మెంట్ అక్కడే దొరుకుతుంది.

ముందు ఒక మాట. భాషాశాస్త్రవేత్త జాన్ రాస్ 1967లో ఎంఐటీలో ఇచ్చిన పరిశోధన గ్రంథంలో, లోపలి మాట బయటికి రాలేని ఇలాంటి చోట్లకు ఐలాండ్స్, అంటే ‘ద్వీపాలు’ అని పేరు పెట్టాడు. ఆయన చెప్పింది ప్రశ్న అడగడం గురించి కాదు, మాట తన చోటు వదిలి బయటికి వెళ్ళడం గురించి. ఇంగ్లీషులో ‘హూ’ వాక్యం మొదటికి వెళ్ళి తీరాలి, అందుకే రెండూ ఒకటే అనిపిస్తాయి. తెలుగులో ‘ఎవరికి’ తన చోటనే కూర్చుంటుంది. మీ వాక్యంలో అది ‘ఇచ్చిన’ పక్కనే, ద్వీపం లోపలే ఉంది. ఎక్కడికీ కదలలేదు. కదలనిదానికి కంచె అడ్డు రాదు.

కాబట్టి దాన్ని కదిపి చూడండి. ఈ రెండూ పైకి చదవండి:

‘ఎవరికి అంటున్నాడు తమ్ముడు, అమ్మమ్మ గొలుసు ఇచ్చిందని?’

‘ఎవరికి పోగొట్టాడు తమ్ముడు, అమ్మమ్మ ఇచ్చిన గొలుసు?’

మొదటిది మాటల్లో వినిపించే వరసే. ‘ఎవరికి’ అన్నది ‘ఇచ్చిందని’లోంచి బయటికి వచ్చినా మనసు దాన్ని వెనక్కి తీసుకెళ్ళి ‘ఇచ్చింది’కి తగిలిస్తుంది. రెండోదాంట్లో అలా తగిలించలేం. ‘ఎవరికి పోగొట్టడమేమిటి?’ అనిపిస్తుంది. వరస రెండింటిలోనూ ఒకటే, ‘ఎవరికి’ దూకిన దూరమూ దాదాపు ఒకటే. తేడా అది బయలుదేరిన చోటు మాత్రమే. ‘అని’ వాక్యం తలుపు తీసిన ఇల్లు. ‘ఇచ్చిన గొలుసు’ ద్వీపం.

తెలుగు మాస్టారు: రెండోది నేనూ అనను. ఒప్పుకుంటున్నా. కానీ ‘పోగొట్టాడు’కి ‘ఎవరికి’ అతకదు కాబట్టి వింతగా ఉందేమో? ‘చూపించాడు’ అని పెట్టండి, చక్కగా ఉంటుంది.

పాత కాగితం: చక్కగానే ఉంటుంది, కానీ అర్థం మారిపోతుంది. అప్పుడు ‘ఎవరికి చూపించాడు’ అనే వస్తుంది. అమ్మమ్మ ఎవరికి ఇచ్చిందన్నది రాదు. అందుకే కావాలని ‘పోగొట్టాడు’ ఎంచుకున్నా. ‘ఎవరికి’ని బయటి క్రియ లాక్కోవడానికి వీల్లేకుండా చెయ్యాలి. ‘అంటున్నాడు’ కూడా అందుకే. మనం ఎవరి‘తో’ అంటాం, ఎవరి‘కి’ అనం. అమ్మాయ్, ఇలాంటి వాక్యాలు తయారు చేసేటప్పుడు ఎక్కువమంది జారిపడేది ఇక్కడే.

ఇంకోటి. స్నేహితుల్ని అడిగేటప్పుడు ‘ఈ వాక్యం తప్పా?’ అని అడగొద్దు. దానికి జవాబు చెప్పమనండి. ‘ఎవరికి అంటున్నాడు తమ్ముడు...’ అంటే ‘సీతకి’ అని వస్తుంది. రెండోదానికి జవాబు రాదు, లేకపోతే ‘ఏంటీ?’ అని ఎదురు ప్రశ్న వస్తుంది. వినపడక మళ్ళీ అడిగే ప్రశ్నలు కూడా పక్కన పెట్టండి. ఇంగ్లీషు వాడు కూడా సరిగ్గా వినపడనప్పుడు ‘హీ లాస్ట్ ద చైన్ దట్ గ్రాండ్‌మా గేవ్ టు హూ?’ అంటాడు. అక్కడా మాట కదలలేదు.

ప్రవాసి నాన్న: మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మేం డాలస్‌లో ఉంటాం, మా పాపకు నాలుగేళ్ళు. ‘నాన్నా, యూ ఏట్ ఇడ్లీ అండ్ వాట్?’ అంటుంది. ‘వాట్ డిడ్ యూ ఈట్ ఇడ్లీ అండ్?’ అని ఒక్కసారీ అనలేదు. అది తప్పని మేమెప్పుడూ చెప్పలేదు, చెప్పే అవకాశమే రాలేదు. ఇదీ మీరనే ద్వీపమేనా? తెలుగులోనూ ‘ఇడ్లీ, ఏమీ తిన్నావు?’ అనలేం కదా. రెండు భాషల్లోనూ కుదరదు, కాబట్టి ఇదే అసలైన సార్వత్రిక నియమం అని నా లెక్క.

పాత కాగితం: మొదటి సగం నూటికి నూరుపాళ్ళు సరి. జంటగా కట్టిన రెండింటిలో ఒకదాన్ని మాత్రమే పీకడం కుదరదన్నది రాస్ చెప్పిన వాటిలో బాగా నిలిచిన నియమం. రెండు వైపుల నుంచీ ఒకేసారి తీస్తే చెల్లుతుంది. ‘వాట్ డిడ్ హీ బై అండ్ షీ సెల్?’ తప్పు కాదు. దీనికీ గండి లేకపోలేదు. ‘వాట్ డిడ్ హీ గో టు ద స్టోర్ అండ్ బై?’ అని ఇంగ్లీషు వాళ్ళు మామూలుగానే అంటారు. అక్కడ ‘అండ్’ జంటను కట్టడం లేదు, వెళ్ళి కొన్నాడు అనే ఒకే పనిని చెబుతోంది.

మీ తెలుగు ఉదాహరణ మాత్రం వేరే కారణంతో పడిపోయింది. మనం జంటను ఎలా కడతాం? ‘ఇడ్లీ, వడా తిన్నాను’, ‘రాముడూ సీతా వచ్చారు’ అని చివరి అచ్చును సాగదీస్తాం. ‘ఎవరు’ను సాగదీస్తే ‘ఎవరూ’. అది ప్రశ్న పదమే కాకుండా పోతుంది, ‘ఎవరూ రాలేదు’లోని ‘ఎవరూ’ అయిపోతుంది. ‘రాముడూ ఎవరూ వచ్చారు?’ చెడింది ఈ దీర్ఘం వల్ల. ద్వీపానికి సంబంధం లేదు. ఈ ఉదాహరణతో ద్వీపాన్ని నిరూపించబోతే దిద్దేవాళ్ళు మార్కులు కోస్తారు.

కొత్త పలక: ఇది నేనూ రాయబోయాను! బతికిపోయాను.

ఇంకో సందేహం అండీ. కదిపితేనే ద్వీపం అడ్డొస్తుందంటే, కదపకుండా ఏ ప్రశ్న పదాన్నైనా లోపల పెట్టి అడగొచ్చా? ‘ఎవరు ఇచ్చిన’, ‘ఎప్పుడు ఇచ్చిన’, ‘ఎక్కడ కొన్న’, అన్నీ బాగున్నాయి. ‘ఎందుకు’ దగ్గర ఆగిపోయాను.

పాత కాగితం: ఆగాల్సిన చోటే ఆగారు. గొలుసు ఇచ్చింది పరీక్షలో ఫస్టు వచ్చిందని అనుకుందాం. ఆ కారణం రాబట్టాలి.

‘అమ్మమ్మ గొలుసు ఎందుకు ఇచ్చిందని తమ్ముడు అంటున్నాడు?’ బాగుంది. ‘ఫస్టు వచ్చినందుకట’ అని జవాబు.

‘అమ్మమ్మ ఎందుకు ఇచ్చిన గొలుసు తమ్ముడు పోగొట్టాడు?’ ఇది నోట పలకదు. మాట అంగుళం కూడా కదలలేదు, అయినా కుదరలేదు.

చైనీస్‌లోనూ ప్రశ్న పదాలు మనలాగే ఉన్నచోటే ఉంటాయి. 1982లో జేమ్స్ హువాంగ్ తన పరిశోధనలో చూపించింది సరిగ్గా ఇదే: విశేషణ వాక్యం లోపల ‘ఎవరు’, ‘ఏమిటి’ చెల్లుతాయి, ‘ఎందుకు’ చెల్లదు. కంటికి కనబడకపోయినా అర్థం కట్టే దశలో ‘ఎందుకు’ బయటికి వెళ్ళాలి, ద్వీపం దాన్ని అక్కడా ఆపుతుంది అని ఆయన వాదన. నా సలహా, అసైన్‌మెంట్‌కు మీ గుండెకాయ ఈ జత. ‘ఎవరికి’ జత రెండో స్థానంలో పెట్టండి. మాటల వరస మీద ఒక్కొక్కరి చెవి ఒక్కోలా ఉంటుంది గానీ ‘ఎందుకు ఇచ్చిన గొలుసు’ను అవుననేవాళ్ళు నాకు ఇంతవరకు తగల్లేదు.

తెలుగు మాస్టారు: ఇదిగో, తగిలాను. ‘దేనికోసం ఇచ్చిన గొలుసు పోగొట్టాడు?’ అని నేనంటాను. ‘పెళ్ళి కోసం ఇచ్చింది’ అని జవాబూ వస్తుంది. కారణం అడిగినట్టే కదా?

పాత కాగితం: మంచి దెబ్బ కొట్టారు మాస్టారూ. ‘దేనికోసం’ బాగుంది, కాదనను. కానీ ‘దేని’ అనేది నామం, ఒక వస్తువునో సందర్భాన్నో అడుగుతుంది, ‘ఎవరు’ జట్టులోది. ‘ఎందుకు’ మొత్తం పనికి కారణం అడుగుతుంది. అర్థం దగ్గరే, ప్రవర్తన వేరు. ‘ఎందుకు’లోనూ ‘కు’ ఉంది కదా, అదీ ఒకప్పుడు నామమే కదా అంటే మాత్రం నా దగ్గర తేలిక జవాబు లేదు.

ప్రవాసి నాన్న: నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి. నాకు ఇదంతా జ్ఞాపకశక్తి సమస్యలా కనిపిస్తోంది. మొదట్లో విన్న ‘హూ’ను తలలో పట్టుకుని మధ్యలో ఇంకో వాక్యం విప్పాలి, మెమరీ చాలదు. నియమం అక్కర్లేదేమో?

పాత కాగితం: ఆ వాదన చేసే శాస్త్రవేత్తలు ఉన్నారు. దాన్ని పరీక్షించినవాళ్ళూ ఉన్నారు. 2012లో స్ప్రౌస్, వేజర్స్, ఫిలిప్స్ కొందరి జ్ఞాపకశక్తిని కొలిచి, వాళ్ళచేతే ద్వీపాల వాక్యాలకు మార్కులు వేయించారు. జ్ఞాపకం ఎక్కువున్నవాళ్ళకు ద్వీపం తేలిగ్గా అనిపించాలి కదా, అలాంటి సంబంధం తేలలేదు. అయితే వాళ్ళు కొలిచింది సరైన జ్ఞాపకమేనా అని అవతలివాళ్ళు అడిగారు. వాదన నడుస్తూనే ఉంది. ‘ఎందుకు ఇచ్చిన’లో మాత్రం తలలో పట్టుకోవాల్సిన దూరమే లేదు. అది మీ లెక్కలో ఎలా ఇముడుతుందో ఆలోచించండి.

కొత్త పలక గారూ, ‘ఏ భాషలోనూ’ అన్న మాట దగ్గర కాస్త జాగ్రత్త. స్వీడిష్‌లో ‘ఆ పూలు’ అన్న మాటను ‘అమ్మే మనిషి ఒకాయన నాకు తెలుసు’ అనే వాక్యంలోంచి పీకి ముందు పెడతారు, వాళ్ళకు అది సహజం. అక్కడా అన్ని విశేషణ వాక్యాలూ అలా తెరుచుకోవు. ‘తెలుసు’, ‘ఉన్నారు’ లాంటి మాటల కింద ఎక్కువగా కుదురుతుంది.

కొత్త పలక: అది తెలుగులోనూ కుదురుతోందండీ! ‘ఆ పూలు నాకు అమ్మే ఆయన ఒకాయన తెలుసు.’ బాగానే ఉంది కదా?

పాత కాగితం: ఇందాకటి గోతిలోనే పడ్డారు. ‘నాకు అమ్మే ఆయన’ అని కూడా చదవొచ్చు. అప్పుడు ‘ఆ పూలు’ బయటికి రానే లేదు. ‘నాకు’ తీసేసి, ‘అమ్మే’తో కలవలేని మాట మధ్యలో పెట్టండి.

కొత్త పలక: ‘ఆ పూలు మా ఊళ్ళో ఉన్నాడు, అమ్మే ఆయన ఒకడు.’ ఇలా మార్చి అడిగాను. అమ్మకు ఫోన్ చేస్తే ‘అంటాం, దానికేం’ అంది. రూమ్మేట్ మాత్రం ‘పూలు ఉన్నాడేంటే’ అని నవ్వుతోంది. రెండూ అలాగే రాసి ఇస్తున్నాను.